మీ గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ ఇంకా ఎన్నేండ్లు సరిపోతాయో లెక్కగట్టడం ఎలా?

"అన్నా, ఈ కార్డు ఎన్నేండ్లు వస్తది?" నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి వైపు నుంచి సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి కంప్యూటర్ కట్టించుకునే కుర్రవాళ్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది. దుకాణంలో దీనికి "ఐదేండ్లు ఢోకా లేదు" అన్న జవాబు దొరుకుతుంది గానీ, ఆ ఐదు ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పరు. జవాబును మీ ఇంట్లో, మీ మానిటర్ ముందు, మీరే లెక్కగట్టుకోవచ్చు. వచ్చేది కచ్చితమైన తేదీ కాదు, ఒక వ్యవధి మాత్రమే. అయినా కొనాలా, ఆగాలా, ఉన్నదానితో నెట్టుకురావాలా అన్నది తేల్చుకోవడానికి ఆ వ్యవధి చాలు.

పద్ధతి అర్థం కావడానికి మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణ తీసుకుంటాను. రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 8 జీబీ మెమరీ ఉన్న ఆర్‌టీఎక్స్ 4060 కార్డు, 16 జీబీ ర్యామ్, 1080పీ మానిటర్. మన వైపు చాలామంది దగ్గర ఉన్న కూర్పు ఇది, లేదా దీనికి దగ్గరిది. ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకు వచ్చే ఫ్రేముల అంకెలు, మెమరీ వాడకం అంకెలు లెక్క చూపడానికి నేను అనుకున్నవి మాత్రమే కాబట్టి, వాటి స్థానంలో మీ కంప్యూటర్ చూపించిన అంకెలు పెట్టుకోండి.

కావలసినవి

ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్, దానితో పాటే వచ్చే రివాట్యూనర్ కావాలి. లేదా క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్ అయినా సరిపోతుంది. ఇవన్నీ ఉచితమే. మీరు ఆడే ఆటల్లో కంప్యూటర్‌ను అన్నిటికంటే ఎక్కువ కష్టపెట్టేవి రెండు మూడు కావాలి. లెక్కకు ఎక్సెల్ గానీ, లాగ్ మీట ఉన్న కాలిక్యులేటర్ గానీ ఉండాలి. అంకెలు రాసిపెట్టుకోవడానికి ఒక నోట్‌బుక్ తప్పనిసరిగా పెట్టుకోండి, ఎందుకంటే ఆరు నెలల తర్వాత ఇవే అంకెలతో మళ్లీ పని పడుతుంది.

మీరు ఆడేది వాలొరెంట్, 2015లో పీసీకి వచ్చిన జీటీఏ 5 లాంటివి మాత్రమే అయితే ఈ శ్రమ అక్కర్లేదు. వాటి అవసరాలు ఏటా పెరిగేవి కావు. ఈ లెక్క ప్రతి ఏడూ వచ్చే కొత్త పెద్ద ఆటలు ఆడాలనుకునే వాళ్ల కోసం.

1. "సరిపోవడం" అంటే మీకు ఏమిటో ముందు రాసుకోండి

ఈ మెట్టు దాటేసి నేరుగా కొలతలకు పోయేవాళ్లే ఎక్కువ. కానీ సరిపోవడం అన్న మాటకు అంకె లేకపోతే తర్వాత చేసే లెక్కకు ఆధారమే ఉండదు. మూడు విషయాలు రాయండి: ఏ రిజల్యూషన్, సగటున ఎన్ని ఎఫ్‌పీఎస్, ఏ స్థాయి కంటే సెట్టింగులు దిగితే మీరు ఆడరు. వీటికి నాలుగోది చేర్చమని నా సలహా. అది ఇంగ్లిష్‌లో 1% low అనే 1 శాతం లో, అంటే అత్యంత నెమ్మదిగా వచ్చిన నూటికి ఒక వంతు ఫ్రేములను బట్టి కట్టే ఎఫ్‌పీఎస్. ఆట కుదుపులతో నడుస్తోందా, సాఫీగా నడుస్తోందా అన్నది సగటులో కనిపించదు, ఇందులోనే కనిపిస్తుంది.

మన ఉదాహరణకు ఇలా రాసుకుందాం: 1080పీ, సగటు 60, 1 శాతం లో 45, సెట్టింగులు మీడియం కంటే దిగకూడదు.

హెచ్చరిక: ఆట తయారీదారులు ప్రకటించే కనీస అవసరాల జాబితాను సరిపోవడానికి గుర్తుగా తీసుకోవద్దు. 2016 జూలైలో వచ్చిన జీటీఎక్స్ 1060 6 జీబీ కార్డు, 2024 ఆగస్టులో వచ్చిన బ్లాక్ మిత్: వుకాంగ్ కనీస జాబితాలో కూడా ఉంది. ఎనిమిదేండ్లు జాబితాలో నిలిచినంత మాత్రాన ఎనిమిదేండ్లు సుఖంగా ఆడుకోవచ్చని కాదు. ఆట తెరుచుకుంటుంది, తక్కువ సెట్టింగుల్లో నడుస్తుంది అన్నంత వరకే ఆ జాబితా హామీ.

2. కార్డు వేగాన్ని విడిగా కొలవండి

ఆటలో వీ-సింక్ ఆపండి, ఫ్రేమ్ లిమిట్ తీసేయండి, అసలు ఫ్రేముల మధ్య కృత్రిమ ఫ్రేములు చేర్చే ఫ్రేమ్ జనరేషన్ ఆపండి. మీ అసలు రిజల్యూషన్‌లో, హై సెట్టింగుల్లో, జనం, పొగ, నీళ్లు, చెట్లు ఎక్కువగా ఉన్న చోట మూడు నిమిషాలు ఒకే దారిలో నడవండి. ఇలా మూడుసార్లు చేసి మొదటిది వదిలేయండి, ఎందుకంటే మొదటిసారి షేడర్లు తయారవుతుంటాయి, డిస్క్ నుంచి సరుకు లోడ్ అవుతుంటుంది. మిగిలిన రెండింటి సగటు రాసుకోండి. తర్వాత ఇదే దారిని మీడియంలో ఒకసారి, మీడియంతో పాటు డీఎల్‌ఎస్‌ఎస్ క్వాలిటీలో మరోసారి కొలవండి. డీఎల్‌ఎస్‌ఎస్ అంటే ఆటను తక్కువ రిజల్యూషన్‌లో గీసి తెర సైజుకు పెంచే ఎన్విడియా అప్‌స్కేలింగ్.

కొలిచేటప్పుడు కార్డు వాడకం 95 శాతం పైన ఉండాలి. అంతకంటే తక్కువ ఉంటే కార్డు ఖాళీగా ఎదురుచూస్తోందని, ఆ అంకె ప్రాసెసర్‌దని అర్థం.

మన ఉదాహరణలో హైలో 78, మీడియంలో 102, మీడియంతో పాటు డీఎల్‌ఎస్‌ఎస్ పెడితే 125 వచ్చిందనుకుందాం.

ఇక్కడ మన జిల్లాల వాళ్లు మరవకూడనిది ఎండ. మే నెలలో నల్లగొండలో బయట నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నం కూలర్ లేని గదిలో తీసిన అంకె, డిసెంబర్ రాత్రి తీసిన అంకె ఒకటిగా ఉండవు. కార్డు వేడెక్కిన కొద్దీ దాని క్లాక్ మెల్లగా దిగుతుంది. ఏడాదిలో మీరు ఎక్కువగా ఆడేది వేసవి సెలవుల్లోనే అయితే కొలత కూడా వేసవిలోనే తీయండి. అది కుదరకపోతే కనీసం గది ఉష్ణోగ్రతను అంకె పక్కన రాసుకోండి, లేకపోతే తర్వాత తీసే కొలతతో పోల్చినప్పుడు ఎండ చేసిన పనిని ఆటల పెరుగుదల ఖాతాలో వేస్తారు.

3. ప్రాసెసర్ వేగాన్ని విడిగా కొలవండి

అదే ఆట, అదే దారి. రిజల్యూషన్‌ను మాత్రం 1280x720కి దించి, అప్‌స్కేలింగ్‌ను పెర్ఫార్మెన్స్‌కు మార్చండి. జనసాంద్రత, దూరపు వస్తువుల వివరం, రే ట్రేసింగ్ మాత్రం మీరు ఆడే సెట్టింగుల్లోనే ఉంచండి, ఎందుకంటే ఆ మూడూ ప్రాసెసర్ మీద కూడా భారం వేస్తాయి. కార్డుకు పని తగ్గిపోయింది కాబట్టి ఇప్పుడు వచ్చేది ప్రాసెసర్ ఇవ్వగలిగిన గరిష్ఠం. కార్డు వాడకం 90 శాతం కంటే బాగా దిగిందో లేదో చూసుకోండి. దిగకపోతే రిజల్యూషన్‌ను ఇంకా తగ్గించండి.

మన ఉదాహరణలో సగటు 96, 1 శాతం లో 68 అనుకుందాం.

ఈ మెట్టులో తరచుగా జరిగే తప్పు టాస్క్ మేనేజర్‌ను నమ్మడం. అందులో ప్రాసెసర్ వాడకం 40 శాతమే చూపిస్తోంది కదా, ఇంకా సగానికి పైగా మిగిలి ఉంది కదా అనుకుంటారు. ఆటలో ఒక ముఖ్యమైన పని వరుస ఒకే కోర్ మీద నడుస్తుంది. ఆ కోర్ నిండిపోతే మిగిలిన ఐదు ఖాళీగా ఉన్నా ఫ్రేములు పెరగవు. 720పీ కొలతే దీనికి నమ్మదగిన పరీక్ష.

అంకె మరీ తక్కువగా వస్తే ప్రాసెసర్‌ను తప్పుపట్టే ముందు ర్యామ్ చూడండి. ఖర్చు కలిసి వస్తుందని 16 జీబీ పుల్ల ఒక్కటే పెట్టించుకున్న కంప్యూటర్లు మన దగ్గర చాలా ఉన్నాయి. అప్పుడు ర్యామ్ ఒకే చానెల్‌లో నడుస్తుంది, 1 శాతం లో పడిపోతుంది. అలాగే 3200 వేగమున్న ర్యామ్ కొన్నా, బయోస్‌లో ఎక్స్ఎంపీ ఆన్ చేయకపోతే అది 2133 లేదా 2666 దగ్గరే ఆగిపోతుంది. టాస్క్ మేనేజర్‌లో `Performance`, ఆ తర్వాత `Memory` నొక్కితే `Speed`, `Slots used` కనిపిస్తాయి. ఈ రెండూ సరిచేశాకే ప్రాసెసర్ కొలత రాసుకోండి. ఎన్నేండ్లు వస్తుందన్న లెక్కకు ముందే, కొంత ఆయుష్షు ఇలా ఖర్చు లేకుండా తిరిగి రావచ్చు.

ఇంకా కొననివారికి: మంచి సమీక్షల్లో కార్డు పరీక్ష నుంచి 1080పీ అంకెను, ప్రాసెసర్ పరీక్ష నుంచి అదే ఆట అంకెను తీసుకోండి. రెండింటిలో చిన్నదే మీకు వచ్చేది. కార్డులను పరీక్షించే వాళ్లు అత్యంత వేగమైన ప్రాసెసర్ వాడతారు కాబట్టి, ఆ సమీక్షలోని 1 శాతం లో మీ రైజెన్ 5 మీద వస్తుందని ఆశించవద్దు.

4. ఆటల బరువు ఏటా ఎంత పెరుగుతోందో తెలుసుకోండి

అందరూ ఊహతో నింపేది ఈ అంకెనే, కానీ దాన్ని ఊహించాల్సిన పనిలేదు. మీ కార్డు శ్రేణిలోదే అయిన పాత కార్డు ఒకటి తీసుకుని, అది విడుదలైన ఏడాది కొత్తగా వచ్చిన బరువైన ఆటల్లో ఎంత ఇచ్చిందో, ఇటీవలి ఏడాది కొత్తగా వచ్చిన బరువైన ఆటల్లో ఎంత ఇస్తోందో సమీక్షల్లో చూడండి. కార్డు మారలేదు, ఆటలు మారాయి. కాబట్టి పడిపోయినదంతా ఆటల బరువు.

4060 కోసం నేను 2021 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ కార్డును చూడమంటాను. దాని మెమరీ 12 జీబీ కాబట్టి మెమరీ చాలక పడిపోవడం అన్నది చాలావరకు ఈ అంకెలోకి చొరబడదు, వేగం సంగతి మాత్రమే తేటగా కనిపిస్తుంది. 8 జీబీ కార్డుతో ఇదే చేస్తే రెండు కారణాలు కలిసిపోయి పెరుగుదల ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించవచ్చు.

ఆ కార్డు 2021 ఆటల్లో సగటున 88, 2024 ఆటల్లో 51 ఇచ్చినట్టు మీరు సేకరించిన అంకెలు చూపించాయనుకుందాం. నిష్పత్తి 1.73. మూడేండ్లకు దాని ఘనమూలం 1.20. అంటే బరువు ఏటా 20 శాతం పెరుగుతోంది.

ఒక్క ఆటను పోల్చవద్దు. కనీసం నాలుగైదు తీసుకుని మధ్య విలువ రాసుకోండి. అల్ట్రా అన్న పేరుకు ఏ రెండు ఆటల్లోనూ ఒకే అర్థం ఉండదు. విడుదల రోజు లోపాలతో వచ్చి, తర్వాతి సవరణలతో తేలికైన ఆటలూ ఉంటాయి. ఈ అనిశ్చితి వల్లనే 20 ఒక్కటే వాడకుండా 15 నుంచి 25 వరకు ఒక పరిధి పెట్టుకోవాలి.

ప్రాసెసర్ మీద బరువు ఇంత నున్నగా పెరగదు. దానికి కారణం గేమ్ కన్సోళ్లు. పెద్ద ఆటలు చాలావరకు కన్సోళ్లను దృష్టిలో పెట్టుకుని తయారవుతాయి. 2013 నవంబర్‌లో వచ్చిన ప్లేస్టేషన్ 4లో బలహీనమైన 1.6 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ ఉండేది. 2020 నవంబర్‌లో వచ్చిన ప్లేస్టేషన్ 5లో ఎనిమిది కోర్ల జెన్ 2 ప్రాసెసర్ వచ్చింది. కొత్త కన్సోల్ వచ్చాక కొంతకాలం పాత, కొత్త రెండింటికీ కలిపి ఆటలు వస్తాయి, తర్వాత పాతదాన్ని వదిలేస్తారు. ప్రాసెసర్ అవసరం ఒక్కసారిగా లేచేది అప్పుడే. జెన్ 3 తరానికి చెందిన రైజెన్ 5 5600లో కోర్లు ఆరే అయినా, ఒక్కో కోర్ ప్లేస్టేషన్ 5 కోర్ కంటే వేగమైనది. కాబట్టి ఈ కన్సోల్ తరం నడుస్తున్నంత కాలం ప్రాసెసర్‌కు 8 నుంచి 12 శాతం పెరుగుదల పెట్టుకోవడం నా దృష్టిలో సబబు. ఇది నా అంచనా. 3060తో చేసినట్టే రైజెన్ 5 3600 పాత, కొత్త సమీక్షలను పోల్చి మీరే సరిచూసుకోవచ్చు.

5. లెక్క కట్టండి

ఇప్పటి ఎఫ్‌పీఎస్‌ను మీకు కావలసిన ఎఫ్‌పీఎస్‌తో భాగిస్తే చేతిలో ఉన్న మిగులు తెలుస్తుంది. ఆ మిగులును ఏటా పెరిగే బరువు ఎన్నేండ్లలో తినేస్తుందో ఎక్సెల్‌లో ఇలా రాయాలి:

```
=LN(78/60)/LN(1.20)
```

దీనికి జవాబు 1.4 ఏండ్లు. అంటే హై సెట్టింగుల్లో, మీరు కొలిచిన ఆట అంత బరువైన కొత్త ఆటలు 60 దగ్గర ఆడగలిగేది ఏడాదిన్నర లోపే. 78 స్థానంలో మీడియం అంకె 102 పెడితే 2.9 ఏండ్లు వస్తుంది. డీఎల్‌ఎస్‌ఎస్‌తో కలిపిన 125 పెడితే 4 ఏండ్లు. ఇప్పుడు 1.20 బదులు 1.15, 1.25 పెట్టి చూడండి. మీడియం జవాబు 2.4 నుంచి 3.8 ఏండ్ల వరకు, డీఎల్‌ఎస్‌ఎస్‌తో 3.3 నుంచి 5.3 ఏండ్ల వరకు సాగుతుంది.

"ఐదేండ్లు ఢోకా లేదు" అన్నమాట పూర్తిగా అబద్ధం కాదని ఇక్కడ తెలుస్తుంది. అది అన్నీ అనుకూలించినప్పటి, అప్‌స్కేలింగ్ కూడా కలిపినప్పటి పై అంచు. హై సెట్టింగుల మీద మనసు పెట్టుకుని కార్డు కొన్నవాడికి ఆ మాట పనికిరాదు.

ప్రాసెసర్‌కు 1 శాతం లో తీసుకోండి. 68ని 45తో భాగిస్తే 1.51. పెరుగుదల 12 శాతమైతే 3.6 ఏండ్లు, 8 శాతమైతే 5.4 ఏండ్లు. కార్డుకు ఉన్నట్టు ప్రాసెసర్‌కు సెట్టింగుల సాయం పెద్దగా ఉండదు. డీఎల్‌ఎస్‌ఎస్ పెట్టినా ప్రాసెసర్ పని తగ్గదు. జనసాంద్రత, రే ట్రేసింగ్ తగ్గిస్తే కొంత ఊపిరి దొరుకుతుంది, అంతే. అందుకే ప్రాసెసర్ దగ్గర మిగులు మొదటి నుంచే కాస్త ఎక్కువ ఉండేలా చూసుకోవాలి.

హెచ్చరిక: ఫ్రేమ్ జనరేషన్‌తో వచ్చిన అంకెను ఈ సూత్రంలో పెట్టవద్దు. 2025 ఫిబ్రవరిలో వచ్చిన మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్ ప్రకటించిన సిఫార్సు అవసరాల్లోనే 1080పీలో 60 ఎఫ్‌పీఎస్ అన్నది ఫ్రేమ్ జనరేషన్‌తో కలిపి చెప్పినది. అసలు తయారయ్యే ఫ్రేములు ముప్పై చుట్టూ ఉంటే తెర మీద 60 కనిపించినా మౌస్ కదలిక ముప్పైలాగే బరువుగా ఉంటుంది. మిగులు కొలవాల్సింది అసలు ఫ్రేములతోనే.

6. వేగంతో సంబంధం లేని అడ్డుగోడలు చూడండి

పై సూత్రం కార్డు మెల్లగా నెమ్మదించడాన్ని లెక్కిస్తుంది. కానీ కొన్ని కార్డులు నెమ్మదించవు, ఒక రోజు హఠాత్తుగా ఆగిపోతాయి. ఆ గోడలు మూడు: మెమరీ, హార్డ్‌వేర్ సౌకర్యాలు, డ్రైవర్లు. వీటిలో ఏది ముందు వస్తే అదే మీ అసలు గడువు.

మన ఉదాహరణలో మెమరీ గోడ అన్నిటికంటే దగ్గరగా ఉంది కాబట్టి దాన్ని వివరంగా చూడాలి. ఆఫ్టర్‌బర్నర్‌లో మామూలుగా కనిపించే `Memory usage` అంకె మొత్తం కార్డు మీద కేటాయించినది. అందులో విండోస్, బ్రౌజర్ పట్టుకున్నది కూడా ఉంటుంది. ఆట వాటా విడిగా కావాలంటే సెట్టింగుల్లో `Memory usage \ process` అన్నది ఎంచుకోండి. ఆ అంకె కూడా ఆట అడిగి పెట్టుకున్నదే, అందులో ప్రతి మెగాబైటూ అప్పుడే అవసరమైనది కాకపోవచ్చు. కాబట్టి 7.4 జీబీ కనిపించగానే కంగారు పడకుండా ఒక పరీక్ష చేయండి.

టెక్స్‌చర్ సెట్టింగును ఒక్క మెట్టు దించి, మిగతావేవీ ముట్టకుండా, అదే దారిలో మళ్లీ కొలవండి. సగటు పెద్దగా మారకుండా 1 శాతం లో మాత్రం గట్టిగా పైకి లేస్తే, అప్పటిదాకా మెమరీ చాలలేదని అర్థం. రెండూ మారకపోతే మెమరీకి ఇంకా చోటు ఉంది. ఈ పరీక్షకు కొత్తగా లోడ్ అయిన ఆట కాకుండా అరగంట ఆడిన ఆట కావాలి, ఎందుకంటే మెమరీ నిండటానికి సమయం పడుతుంది. కొన్ని ఆటలు కుదుపులు రానివ్వకుండా గోడల మీద, బట్టల మీద బొమ్మలను చడీచప్పుడు లేకుండా మసకబారుస్తాయి. ఎఫ్‌పీఎస్ బాగుందని సంబరపడే ముందు దగ్గరికి వెళ్లి గోడను చూడండి.

ఈ కూర్పులో ఇంకో చిక్కు ఉంది. ఆర్‌టీఎక్స్ 4060 మదర్‌బోర్డుతో ఎనిమిది లేన్ల మీదే మాట్లాడుతుంది, బీ450 బోర్డు ఆ లేన్లను పీసీఐఈ 3.0 వేగంతోనే నడుపుతుంది. కార్డు లోపలి మెమరీ సెకనుకు 272 జీబీ అందిస్తుంటే, మెమరీ నిండి సరుకు ర్యామ్ నుంచి రావాల్సి వచ్చినప్పుడు ఆ దారిలో సెకనుకు సుమారు 8 జీబీ మాత్రమే వస్తుంది. బీ550 బోర్డు ఉన్నవాళ్లకు ఆ దారి రెట్టింపు. కాబట్టి ఒకే కార్డు, ఒకే ప్రాసెసర్ ఉన్న ఇద్దరిలో బీ450 వాళ్లకు కుదుపులు ఎక్కువగా తగులుతాయి. రైజెన్ 5 5500, 5600జీ పెట్టుకున్నవాళ్లకు బోర్డు ఏదైనా కార్డుకు పీసీఐఈ 3.0 దాటదు.

మన ఉదాహరణలో హై టెక్స్‌చర్ల దగ్గర ఆట 7.4 జీబీ పట్టుకుని, మీడియంకు దించగానే 1 శాతం లో 41 నుంచి 58కి లేచిందనుకుందాం. అంటే హై టెక్స్‌చర్ల గడువు ఇవాళే అయిపోయింది. 78 ఎఫ్‌పీఎస్ సగటు చూసి ఏడాదిన్నర ఉందనుకున్న మొదటి జవాబు ఈ పరీక్షతో చెల్లదు. మొదటి మెట్టులో మీడియం వరకు ఒప్పుకున్నారు కాబట్టి 2.4 నుంచి 3.8 ఏండ్ల జవాబు మాత్రం నిలుస్తుంది.

రెండో గోడ హార్డ్‌వేర్ సౌకర్యాలు. 2017లో వచ్చిన జీటీఎక్స్ 1080 టీఐ 11 జీబీ మెమరీ ఉన్న గట్టి కార్డు, వేగంలో అది 2021 నాటి 3060కి సరితూగేది. అయినా 2024 డిసెంబర్‌లో వచ్చిన ఇండియానా జోన్స్ ఆటకు రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ తప్పనిసరి కావడంతో, అది లేని ఆ కార్డు జాబితాలో లేకుండా పోయింది. ఆ ఆట కనీస కార్డు ఆర్‌టీఎక్స్ 2060 సూపర్. 2025 మేలో వచ్చిన డూమ్: ది డార్క్ ఏజెస్ కూడా రే ట్రేసింగ్ లేనిదే నడవదు. సెకండ్ హ్యాండ్‌లో చవకగా దొరుకుతోందని 10 శ్రేణి, 16 శ్రేణి జీటీఎక్స్ కార్డులు కొనేవాళ్లు దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. అలాంటి కార్డుకు సూత్రం మూడేండ్లు చూపించినా, మీరు ఆడాలనుకున్న తర్వాతి ఆటే ఆ గోడ కావచ్చు. 4060కి ఈ సౌకర్యాలు ఉన్నాయి కాబట్టి మన ఉదాహరణలో ఈ గోడ దగ్గరలో లేదు.

మూడోది డ్రైవర్లు. జీటీఎక్స్ 10 శ్రేణికి కొత్త ఆటల కోసం ఇచ్చే డ్రైవర్లను ఎన్విడియా 2025 అక్టోబర్‌తో ముగించి, ఆ తర్వాత భద్రతా సవరణలకే పరిమితం చేస్తామని ప్రకటించింది. ఆ శ్రేణి 2016లో మొదలైంది కాబట్టి మద్దతు తొమ్మిదేండ్లు నడిచినట్టు. 2023లో వచ్చిన 4060కి మెమరీ గోడ, వేగం గోడ రెండూ దీనికంటే చాలా ముందే వస్తాయి.

7. అన్నిటిలో చిన్నది తీసుకుని, పక్కన షరతు రాయండి

మన ఉదాహరణకు నోట్‌బుక్‌లో ఇలా ఉండాలి: "1080పీ, సగటు 60, మీడియం సెట్టింగులు, మీడియం టెక్స్‌చర్లు: రెండున్నర నుంచి మూడున్నర ఏండ్లు. డీఎల్‌ఎస్‌ఎస్ క్వాలిటీ ఒప్పుకుంటే కార్డు వేగం ఇంకో ఏడాది లాగుతుంది గానీ, అప్పటికి ప్రాసెసర్ గడువు మొదలవుతుంది. హై టెక్స్‌చర్లు: ఇప్పటికే లేవు." షరతు లేకుండా "మూడేండ్లు" అని ఒక్క మాట రాసుకుంటే, రెండేండ్ల తర్వాత హైలో ఆట కుదుపులు పెట్టినప్పుడు లెక్క తప్పిందని మీరే అనుకుంటారు.

ఇదే జాబితా కొనుగోలుకూ దారి చూపుతుంది. మొదట తగిలే గోడ మెమరీ కాబట్టి, ఈ కూర్పు ఉన్న మనిషి ఇప్పుడు ప్రాసెసర్ మార్చితే డబ్బు వృథా. ఇంకా కొననివాడైతే 4060 కంటే వేగం తక్కువైనా 12 జీబీ ఉన్న 3060 వైపు చూడటానికి అర్థం ఉంది. అయితే దానికి మూడు, ఐదు మెట్లలోని లెక్క మళ్లీ వేయాలి, ఎందుకంటే తక్కువ వేగంతో మొదలైతే మిగులు కూడా తక్కువే ఉంటుంది. టెక్స్‌చర్లు ముఖ్యమా, ఫ్రేములు ముఖ్యమా అన్నది మొదటి మెట్టులో మీరు రాసిన మాటే తేలుస్తుంది. ప్రాసెసర్ గడువు ముంచుకొచ్చినప్పుడు మాత్రం, బయోస్ అప్‌డేట్ చేసి ఇదే బోర్డు మీద రైజెన్ 7 5700ఎక్స్3డీ లాంటిది పెట్టుకునే వీలుంది.

8. లెక్క సరైనదేనా అని పరీక్షించండి

మీ పద్ధతిని ముందు గతం మీద ప్రయోగించండి. ఇంట్లోనో, స్నేహితుల దగ్గరో ఉన్న పాత కార్డు తీసుకుని, అది విడుదలైన ఏడాది సమీక్షల అంకెలతో ఈ లెక్క వేయండి. వచ్చిన గడువు, ఆ మనిషి "ఇక లాభం లేదు" అనుకున్న సమయానికి ఏడాది అటూ ఇటూగా ఉంటే పద్ధతి పనిచేస్తున్నట్టే. చాలా ముందే చచ్చిపోయినట్టు తేలితే సాధారణంగా కారణం మెమరీ. జీటీఎక్స్ 1060లో 3 జీబీ, 6 జీబీ రెండు రకాలు వచ్చాయి. వాటి మధ్య వేగంలో తేడా కొద్దిగానే ఉన్నా, కొత్త ఆటల కనీస జాబితాల్లో పేరు పక్కన 6 జీబీ అని ప్రత్యేకంగా రాయడం మీరు చూడవచ్చు.

తర్వాత ఆరు నెలలకు ఒకసారి రెండు కొలతలు తీయండి. మొదటిది పాత ఆటలోని అదే దారి. అందులో అంకె పడిపోతే ఆటలు బరువెక్కినట్టు కాదు, మీ కంప్యూటర్‌లోనే ఏదో మారింది. కూలర్‌లో దుమ్ము, ఎండిపోయిన థర్మల్ పేస్ట్, వెనకాల నడుస్తున్న కొత్త ప్రోగ్రాములు, ఆట అప్‌డేట్, డ్రైవర్ అప్‌డేట్ ఒక్కొక్కటిగా చూడండి. పాత దారిలో అంకె నిలకడగా ఉన్నప్పుడే రెండో కొలతకు విలువ ఉంటుంది. అది ఆ ఆరు నెలల్లో వచ్చిన అత్యంత బరువైన కొత్త ఆటలో, అవే సెట్టింగుల్లో తీసే అంకె. మొదటిసారి 102 వచ్చిన చోట ఇప్పటి కొత్త ఆట 93 ఇస్తే, ఆరు నెలలకు బరువు సుమారు 10 శాతం, ఏడాదికి 20 శాతం పెరిగినట్టు, అంటే మీ అంచనా దారిలోనే ఉంది. 80 ఇస్తే తొందరపడి సూత్రాన్ని మార్చకుండా ఇంకో కొత్త ఆట కొలవండి. రెండోది కూడా 80 చుట్టూనే ఉంటే బరువు ఆరు నెలలకే సుమారు 27 శాతం, ఏడాదికి 63 శాతం పెరిగినట్టు కాబట్టి, 1.20 తీసేసి 1.63 పెట్టి, నోట్‌బుక్‌లో పాత గడువును కొట్టేసి కొత్తది రాయండి.